లారీ గుద్దిన బస్సు: ఇంతకీ గుద్దింది ఏది?

"డోన్ దగ్గర హైవేలో లారీ గుద్దిన బస్సు" అని పేపర్లో ఒక హెడ్డింగ్ వచ్చిందనుకుందాం. చదివిన పది మందినీ తప్పు ఎవరిదని అడగండి. కొందరు లారీ వచ్చి బస్సును గుద్దింది అంటారు, కొందరు బస్సే పోయి లారీని గుద్దింది అంటారు, రెండూ కరెక్టే. వాక్యంలో తప్పేమీ లేదు, చదివినవాళ్ళ తెలుగులోనూ లోపం లేదు. తెలుగులో ఒక పేరుకి ముందు క్రియను తగిలించే పద్ధతే అలాంటిది. అదే సంగతి హిందీలో చెప్పాలంటే ఈ గందరగోళం పుట్టడానికి దాదాపు సందే ఉండదు: "జిస్ బస్ నే లారీ కో టక్కర్ మారీ" అంటే బస్సు గుద్దింది, "జిస్ బస్ కో లారీ నే టక్కర్ మారీ" అంటే లారీ గుద్దింది.

ఈ తేడా ఎక్కడిదో విప్పి చూస్తే ద్రావిడ భాషలకీ, హిందీ, మరాఠీ, బెంగాలీ లాంటి ఇండో-ఆర్యన్ భాషలకీ వాక్యం కట్టడంలో ఉన్న ఒక పెద్ద తేడా తెలిసిపోతుంది. ఈ రెండూ ఒకదానికొకటి రాసుకుంటే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్ళ మాటలు వింటే చాలు. అక్కడికి చివర్లో వస్తాను.

ముందు మన సంగతి. "వచ్చాడు" అనే క్రియ వాక్యాన్ని ముగిస్తుంది. దాన్ని "వచ్చిన" అని మార్చామా, అది ఇక ముగించలేదు, తర్వాత ఒక పేరు రావాల్సిందే: వచ్చిన మనిషి, వచ్చిన బస్సు, వచ్చిన కష్టం. బడిలో దీన్ని క్రియాజన్య విశేషణం అని చదువుకున్నాం, చిన్నయసూరి ధాతుజ విశేషణం అన్నాడు. ఒక్కో క్రియకి ఇలాంటి రూపాలు మామూలుగా నాలుగు ఉంటాయి: వచ్చిన, వస్తున్న, వచ్చే, రాని. (మా రాయలసీమలో "వచ్చిండే", "చెప్పిండే" అని ఇంకోటి కూడా నడుస్తుంది, "నువ్వు చెప్పిండే మాట" అని. పుస్తకాల్లోకి పెద్దగా రాలేదు గానీ పని అదే.) ఈ రూపాల్లో కాలం ఉంటుంది, కాదు అనే అర్థం కూడా ఉంటుంది, కానీ చేసింది ఎవరో చెప్పే తోక ఉండదు. నేను చేశాను, వాళ్ళు చేశారు, ఆమె చేసింది అని మూడు రకాలుగా ముగిసే క్రియ ఇక్కడికి వచ్చేసరికి నేను చేసిన, వాళ్ళు చేసిన, ఆమె చేసిన అని ఒకటే అయిపోతుంది. కన్నడంలో "బంద మనుష్య", తమిళంలో "వంద మనిదన్" అన్నా ఇదే యంత్రం. రాయదుర్గం నుంచి బళ్ళారి దాకా భాష మారుతుంది గానీ ఈ కట్టు మారదు.

తోక లేకపోవడం కన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ఆ వెనకాల వచ్చే పేరు ఆ పనిలో ఏ పాత్ర వేసిందో ఎక్కడా గుర్తు ఉండదు. చూడండి: పండు కోసిన పిల్ల, పిల్ల కోసిన పండు, పండు కోసిన కత్తి, పండు కోసిన తోట, పండు కోసిన రోజు. చేసినది, చేయించుకున్నది, సాధనం, చోటు, కాలం అన్నిటికీ ఒకటే "కోసిన". మామూలు వాక్యంలో అయితే కత్తి "తో" అనాలి, తోట "లో" అనాలి. ఇక్కడ ఆ తో, లో రెండూ మాయం. వినేవాడు తన బుర్రతో పూరించుకోవాలి. కత్తి కోయించుకోదు, తోట కోయదు, కాబట్టి ఇబ్బంది లేదు.

బుర్రకి ఆధారం దొరకనప్పుడే మన బస్సు కథ మొదలవుతుంది. "లారీ గుద్దిన" దగ్గర ఆగండి. ఇందులో లారీ గుద్దినదా, గుద్దించుకున్నదా? తెలుగులో ప్రాణం లేనివాటికి కర్మగా ఉన్నప్పుడు "ని" పెట్టకపోయినా చెల్లుతుంది: అన్నం తిన్నాను, బండి తోలాను. కాబట్టి "లారీ గుద్దిన" అన్నప్పుడు లారీ కర్త కావచ్చు, "ని" రాలిపోయిన కర్మ కావచ్చు. కర్త అయితే ఖాళీగా ఉన్న కర్మ స్థానంలోకి బస్సు పోతుంది, కర్మ అయితే ఖాళీగా ఉన్న కర్త స్థానంలోకి పోతుంది. రెండు దారులూ తెరిచే ఉన్నాయి, పైగా లారీ, బస్సు రెండూ కదిలేవే, రెండూ గుద్దగలిగేవే. "కారు గుద్దిన చెట్టు" అన్నప్పుడు ఈ టెన్షన్ లేదు, చెట్టు పోయి కారును గుద్దదు కదా. "వెంకటేశు కొట్టిన పిల్లోడు" అన్నప్పుడూ లేదు, ఎందుకంటే మనిషి కర్మ అయితే "ని" తప్పనిసరి, వెంకటేశు దెబ్బలు తిన్నవాడైతే "వెంకటేశుని కొట్టిన పిల్లోడు" అనే తీరాలి. అంటే అనుమానం రావాలంటే రెండు షరతులు కలిసి రావాలి: ముందున్న పేరు ప్రాణం లేనిదై ఉండాలి, రెండు పేర్లూ ఆ పని చేయగలిగినవై ఉండాలి. లారీ, బస్సు రెండిటికీ సరిపోయాయి. "అప్పు తీసుకున్న బ్యాంకు" కూడా ఇలాంటిదే, మనం బ్యాంకు దగ్గర తీసుకున్నామా, బ్యాంకే ఎక్కడైనా తీసుకుందా? అక్కడ కర్త అసలు పైకి చెప్పనే లేదు, తెలుగులో కర్తను మింగేయడం మామూలే కాబట్టి అనుమానానికి మూడో దారి.

సరిచేయడం కష్టమేమీ కాదు. "లారీని గుద్దిన బస్సు" అని ఒక్క "ని" పెడితే బస్సుదే తప్పని తేలిపోతుంది. రెండో అర్థానికి మాత్రం అంత సులువైన మందు లేదు, లారీ పక్కన పెట్టడానికి కర్త గుర్తు అంటూ మనకి ఏదీ లేదు. "లారీ చేత గుద్దబడిన" అని రాయొచ్చు గానీ అలా ఎవరూ మాట్లాడరు. "లారీ గుద్దడంతో దెబ్బతిన్న బస్సు" అని రెండో క్రియ తేవాలి, లేదా వాక్యాన్నే మార్చుకోవాలి. ఇన్సూరెన్సు కాగితాల్లో ఈ చిన్న విషయం చూసుకోకపోతే కథ అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు హిందీ వైపు రండి. "జో లడ్కీ ఖడీ హై, వో లంబీ హై", అంటే ఏ పిల్ల నిలబడి ఉందో ఆ పిల్ల పొడుగు. ఇక్కడ రెండు వాక్యాలు ఉన్నాయి, రెండూ పూర్తిగా ముగిసినవే. మొదటి దాంట్లో "జో" ఒక చీటీ పెడుతుంది, రెండో దాంట్లో "వో" ఆ చీటీ చూపించి మనిషిని అందుకుంటుంది. సంస్కృతంలో యః... సః, యథా... తథా అన్నది ఇదే, వేదకాలం నుంచి ఉన్నదే. గొప్పతనమంతా ఎక్కడుందంటే, ఆ "జో" తన విభక్తిని తానే మోస్తుంది. జిస్ నే, జిస్ కో, జిస్ సే, జిస్ మే, జిస్ కా. "వో" కూడా తన వాక్యంలో తన విభక్తి తాను మోస్తుంది. మొదటి వాక్యంలో కత్తి సాధనం, రెండో వాక్యంలో కర్త అయినా సమస్య లేదు, రెండు ముక్కల్లో రెండు గుర్తులు విడివిడిగా ఉంటాయి. పైగా ఈ జో-ముక్కను ముందు పెట్టొచ్చు, పేరు పక్కన పెట్టొచ్చు (వో ఆద్మీ జో కల్ ఆయా), వాక్యం చివరికి కూడా నెట్టొచ్చు. మన "వచ్చిన"కి ఒకే చోటు, పేరుకి ముందు, అంతే.

హిందీలో మన తరహా పద్ధతి అసలు లేదని కాదు. "గిరా హువా పత్తా" అంటే రాలిన ఆకు, "మేరీ లిఖీ చిట్ఠీ" అంటే నేను రాసిన ఉత్తరం. కానీ వెంటనే గోడ తగులుతుంది. చూశారా, "నేను" కాస్తా "మేరీ", అంటే "నా" అయిపోయింది, కర్తకి కర్తగా ఉండే చోటు పోయింది. ఇక ఉత్తరం రాసిన పిల్ల అనడానికి "చిట్ఠీ లిఖీ హుయీ లడ్కీ" అంటే హిందీవాళ్ళు నవ్వుతారు. ఏదైనా చేసే క్రియ అయితే ఆ రూపం చేయబడిన వస్తువు వైపే చూస్తుంది, చేసినవాడి వైపు చూడదు. కట్టుకోవడం, చదువుకోవడం లాంటి తనకు తాను చేసుకునే పనులకి కొంత సడలింపు ఉంది (సాడీ పహనీ హుయీ ఔరత్, పఢా-లిఖా ఆద్మీ), మిగతా వాటికి "లిఖ్నేవాలీ లడ్కీ" అని వాలా పెట్టుకోవాలి, దాంతో రాసినదా, రాస్తున్నదా, రాయబోతున్నదా అన్నది పోతుంది. మరాఠీ కొంచెం మనవైపు ఒరిగింది, "మీ వాచ్‌లేలం పుస్తక్" (నేను చదివిన పుస్తకం) అన్నప్పుడు "మీ" అనే కర్త కర్తగానే నిలబడుతుంది, "నా" కానక్కర్లేదు. శతాబ్దాలుగా కన్నడం, తెలుగు పక్కన కాపురం ఉన్న భాషకి ఇది వింతేం కాదు.

మరి ఎవరి పద్ధతి దేనికి పనికొస్తుంది? ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే ఇద్దరు 1977లో ప్రపంచ భాషలు చాలా పోల్చి ఒక నిచ్చెన లాంటిది వేశారు. కర్తను వర్ణించడం అన్నిటికన్నా సులువు, తర్వాత కర్మ, తర్వాత "కి" అనేది, తర్వాత తో, లో, నుంచి వగైరా, తర్వాత "యొక్క", అన్నిటికన్నా కష్టం "కన్నా" అనే పోలిక. ఒక పద్ధతి నిచ్చెనలో ఎంత కిందికి దిగగలదు అన్నది లెక్క. "జో" తన విభక్తి తాను మోసుకుంటుంది కాబట్టి అట్టడుగు దాకా దిగుతుంది: "జిస్ లడ్కే సే రామ్ లంబా హై, వో లడ్కా" అంటే ఏ పిల్లోడి కన్నా రాముడు పొడుగో ఆ పిల్లోడు. దీన్ని మన పద్ధతిలో చెప్పడానికి ప్రయత్నించండి. "రాముడు పొడుగైన పిల్లోడు"? ఏమీ అర్థం కాదు. "కన్నా" రాలిపోతే దాన్ని ఊహించడానికి ఆధారం ఉండదు.

"తో"లో కూడా మధ్యలో ఒక గీత ఉంది. "పండు కోసిన కత్తి"లో సాధనం "తో" హాయిగా పోయింది. "నేను సినిమాకి పోయిన ఫ్రెండు" అంటే మాత్రం నోరు ఆగిపోతుంది, తోడు "తో" పోవడం లేదు. కత్తి, కోయడం కలిపితే సంబంధం ఒకటే తడుతుంది, సినిమాకి పోవడం, ఫ్రెండు కలిపితే తట్టేది ఫ్రెండే పోయాడని, తీరా చూస్తే "నేను" అప్పటికే ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాను. "యొక్క" దగ్గరా ఇలాగే. "ఇల్లు కాలిపోయిన రైతు", "కొడుకు దుబాయ్‌లో ఉండే ముసలాయన" చక్కగా ఉన్నాయి. "నేను కొడుకుని కొట్టిన మనిషి" అంటే తడబడతాం. పోయిందీ, ఉన్నదీ ఆయన సొత్తు అయి, ఆ సంఘటన ఆయనకి తగిలేదైతే తెలుగు ఒప్పుకుంటుంది. అందుకే తెలుగులో నిచ్చెన మెట్లు లెక్కపెట్టడం కన్నా, వినేవాడు ఊహించగలడా లేదా అని అడగడమే మంచి పరీక్ష అని నాకు అనిపిస్తుంది.

దీనికి ఇంకా గట్టి సాక్ష్యం ఇంట్లోనే ఉంది: "కూర మాడిన వాసన". ఇందులో వాసన ఏ పాత్ర వేసింది? కర్తా కాదు, కర్మా కాదు, తో-లో-నుంచి ఏదీ కాదు. కూర మాడింది, అంతటితో వాక్యం నిండిపోయింది, ఖాళీ స్థానమే లేదు. అయినా వాసన వచ్చి తగులుకుంది, మనకి అనుమానమే రాలేదు. "తలుపు కొట్టిన చప్పుడు", "లాటరీ తగిలిన సంతోషం", "చెల్లెలు లేచిపోయిన అవమానం" అన్నీ ఇంతే. జో-వాక్యంతో ఇది అయ్యే పని కాదు, ఎందుకంటే "జో"కి ఏదో ఒక విభక్తి తొడగాలి, ఇక్కడ తొడగడానికి ఏదీ లేదు. హిందీ "జల్నే కీ బూ" అని వేరే దారిలో పోతుంది. అంటే "మాడిన", "గుద్దిన" అనే రూపాలు చెప్పేది ఇంతే: ఈ సంఘటనకీ ఈ పేరుకీ సంబంధం ఉంది, ఏం సంబంధమో నువ్వే తేల్చుకో. వాసన దగ్గర బలమైందీ, లారీ దగ్గర దెబ్బకొట్టిందీ ఈ ఒక్క గుణమే.

సరే, తెలుగులో జో-వో లాంటిది లేదా? ఉంది. తోడు పోయిన ఫ్రెండు గురించి చెప్పాలంటే "నేను ఎవరితో సినిమాకి పోయానో ఆ ఫ్రెండు" అంటాం. హిందీకి దీనికీ రెండు తేడాలు. హిందీకి "జ"తో మొదలయ్యే ప్రత్యేకమైన మాటలు ఉన్నాయి (జో, జబ్, జహాఁ, జైసా), ప్రశ్నకి "క"తో మొదలయ్యే మాటలు వేరే (కౌన్, కబ్, కహాఁ, కైసా). మనకి అలా రెండు సెట్లు లేవు, ప్రశ్న మాటలే (ఎవరు, ఎప్పుడు, ఎక్కడ) ఈ పనికీ వాడతాం. అలా వాడితే అది నిజంగా ప్రశ్న అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి క్రియ చివర "ఓ" తగిలిస్తాం: పోయానో, వచ్చాడో, ఉందో. ద్రావిడ వాక్యంలో మామూలుగా ముగిసే క్రియ ఒక్కటే ఉండాలి, చివర్లో ఉండాలి. మధ్యలో ఇంకో ముగిసిన క్రియ రావాలంటే దానికి "అని" లాంటిదో, ఈ "ఓ" లాంటిదో మూత పడాలి. కన్నడ, తమిళాల్లోనూ ఇదే "ఓ".

1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్ ఈ భాషల్లో "జో" లాంటి సంబంధార్థక సర్వనామాలు లేవనీ, ఆ పని క్రియారూపమే చేస్తుందనీ చెప్పాడు. అక్కడి నుంచి చాలామంది "ఎవరితో పోయానో ఆ" లాంటి ఈ ఏ-ఆ వాక్యం సంస్కృతం చూసి దించుకున్నదే అనుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు ఒప్పుకోలేదు. నాకూ పూర్తి అరువు అనిపించదు. ఊళ్ళో చదువురాని అవ్వ నోట్లో ఎన్ని ఉన్నాయో చూడండి: ఎంత చెట్టుకి అంత గాలి, ఏ ఎండకా గొడుగు, ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం. క్రియే లేకుండా ఏ పక్కన ఆ పెట్టి వాక్యం కట్టేశాం. ఇంకా గమ్మత్తైంది "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు". దీని నిర్మాణం చూడండి, "తీసిన గొయ్యి" అనే మన క్రియాజన్య విశేషణం లోపల "ఎవరు" అనే ప్రశ్న మాట కూర్చుంది, బయట "వాళ్ళే" దాన్ని అందుకుంది. రెండు పద్ధతులూ ఒకదాని కడుపులో ఒకటి ఉన్నాయి, "ఓ" అవసరం కూడా రాలేదు, "తీసిన" ముగియని క్రియ కాబట్టి. ఎవరో రాజాస్థానంలో సంస్కృతం చూసి తెలుగులోకి దించిన పని ఇది అని నమ్మడం కష్టం. పండితులు దీన్ని ఎక్కువ వాడి ఉండొచ్చు, అది వేరే సంగతి.

ఏ-ఆ పద్ధతి తప్పనిసరి అయ్యే చోటు ఇంకొకటి ఉంది, రెండు పేర్లను జత కట్టాల్సి వచ్చినప్పుడు. "ఏ రైతు ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నాడో, ఆ రైతు ఆ బ్యాంకులోనే పంట బీమా కట్టాలి." అనంతపురంలో వేరుశనగ రైతుల మీటింగులో ఇలాంటి మాట సులువుగా అర్థమవుతుంది: సుబ్బన్న ఈ బ్యాంకు, నాగన్న ఆ బ్యాంకు, ఎవరి జత వాళ్ళది. "అప్పు తీసుకున్న రైతు అప్పు తీసుకున్న బ్యాంకులో" అంటే జత విరిగిపోతుంది, ఒక విశేషణం ఒక పేరుకే కట్టుబడుతుంది మరి. హిందీలో ఇదే లక్షణాన్ని పట్టుకుని 1991లో వేనీత శ్రీవాస్తవ్ అనే భాషావేత్త, ముందు వచ్చే జో-ముక్క పేరుని వర్ణించే మామూలు విశేషణం లాంటిది కాదనీ, దాని నిర్మాణమే వేరనీ వాదించింది. పేరు పక్కన అతుక్కున్న ముక్క ఒకేసారి రెండు పేర్లని ఎలా పట్టుకుంటుంది? వాక్యం బయట నిలబడి లోపలికి రెండు చీటీలు పంపుతోంది అనుకుంటేనే కుదురుతుంది.

మధ్యలో ఒక కోపం. టీవీ లైవ్‌లో రిపోర్టర్లు "ఏదైతే ఈ హంద్రీ-నీవా కాలువ ఉందో, ఆ కాలువకి సంబంధించి ఏదైతే పనులు జరుగుతున్నాయో..." అని సాగదీస్తుంటారు. హంద్రీ-నీవా పనులు అంటే సరిపోయేది. చిరాకు పడేముందు ఒక్క సంగతి ఒప్పుకోవాలి, తెలుగు విశేషణంలో అసలు పేరు చివర్లో వస్తుంది, కాబట్టి మాట మొదలుపెట్టేటప్పటికే అంతా బుర్రలో సిద్ధంగా ఉండాలి. ఏ-ఆ అయితే ముందు పేరు పడేసి, ఊపిరి తీసుకుని, చెప్పాల్సింది తర్వాత ఆలోచించుకోవచ్చు. మైకు ముందు నిలబడ్డవాడికి అది అవసరమే. రాసేవాడికి ఆ సాకు లేదు, అయినా ప్రకటనల్లో కూడా "ఎవరైతే పన్ను కట్టలేదో వారు" అని రాస్తున్నారు. పన్ను కట్టనివాళ్ళు అంటే ఏం పోయింది?

ఇక కర్నూలు దక్ఖనీ. పుట్టుక చూస్తే ఇది హిందీ, ఉర్దూ కుటుంబమే, అంటే జో-వో ఇంటి పిల్ల. ఇక్కడి వీధుల్లో మాత్రం ఇలా వినిపిస్తుంది: "కల్ ఆయా సో ఆద్మీ", "తుమ్ బోలే సో బాత్", "కల్ దియే సో పైసే కాఁ హై?" నిన్న వచ్చిన మనిషి, నువ్వు చెప్పిన మాట, నిన్న ఇచ్చిన డబ్బులు ఏవి. వరుస తెలుగుదే, మాటలు మాత్రం ఉర్దూ.

ఆ "సో" ఎక్కడిది? పాత హిందీలో "జో"కి జత "సో", సంస్కృతం "సః"కి మనవరాలు. "జో హువా సో హువా" (అయిందేదో అయింది) అని ఇప్పటికీ అంటారు. "జో కల్ ఆయా, సో ఆద్మీ..." అనే వాక్యంలో "సో" రెండో ముక్కకి చెందింది, "ఆ మనిషి" అని. ముందున్న "జో" రాలిపోతే "కల్ ఆయా సో ఆద్మీ" మిగులుతుంది. చుట్టూ అందరూ "వచ్చిన మనిషి" అంటున్న ఊళ్ళో ఈ "సో" ఆద్మీని వదిలేసి ఆయాని పట్టుకుంది. "ఆయా సో" కలిసి "వచ్చిన" అయింది.

ఇది నిజంగా మారిపోయిందని ఎలా తెలుస్తుంది? వాక్యం మధ్యలోకి నెట్టి చూడండి: "మై కల్ ఆయా సో ఆద్మీ కూ దేఖా", నేను నిన్న వచ్చిన మనిషిని చూశాను. జో-వో కట్టులో రెండు పూర్తి వాక్యాలు పక్కపక్కన ఉండాలి. ఇక్కడ మొదటిది రెండోదాని కడుపులోకి, "మై"కి, "దేఖా"కి మధ్యలోకి దూరిపోయింది, విభక్తి "కూ" అంతా అయ్యాక చివర్లో పడింది. తెలుగులో సరిగ్గా అదే చోట "ని" పడింది.

అయినా ఒక చోట దక్ఖనీ పుట్టింటి పద్ధతి వదల్లేదు. మన "ఉన్న"లో ముగింపు ఉండదు, వాళ్ళ "ఘర్ మే హై సో లోగ్" (ఇంట్లో ఉన్న జనం)లో "హై" మాత్రం వాక్యాన్ని ముగించే పూర్తి క్రియే. క్రియను విశేషణంగా మార్చే ప్రత్యయం వాళ్ళ చేతిలో లేదు, కాబట్టి క్రియను ముట్టుకోకుండా, మనం "ఓ"ని మూతగా పెట్టినట్టు దాని మీద "సో" మూత పెట్టారు. "అని"కి బదులు "బోల్కే" వాడేదీ వీళ్ళే, "ఆతూఁ బోల్కే బోలా" అంటే వస్తానని చెప్పాడు.

మన పద్ధతి తీసుకున్నాక దాని చిక్కు కూడా రావాలి కదా, వచ్చింది. ఉత్తరాది హిందీలో కర్తకి ఉండే "నే" దక్ఖనీలో మామూలుగా వాడరు. "కల్ మారే సో లోగ్" అంటే నిన్న కొట్టినవాళ్ళా, నిన్న దెబ్బలు తిన్నవాళ్ళా? విడిగా అడిగితే రెండూ అనొచ్చు. తేల్చాలంటే "మేరేకు మారే సో లోగ్" అని "కు" పెట్టాలి, అప్పుడు నన్ను కొట్టినవాళ్ళు. డోన్ దగ్గర లారీకి "ని" పెట్టినట్టే. "జిస్ నే", "జిస్ కో" చేతిలో ఉన్నప్పుడు ఈ అవసరం లేదు, అది రోజువారీ మాటల్లో వదిలేశాక కర్నూల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళూ తెలుగువాళ్ళలాగే ఎవరు ఎవరిని కొట్టారో సందర్భం చూసే తేల్చుకుంటున్నారు.